వస్తాడా అని అడిగితే "మర్చిపోలేదు" అన్నారు: ఆ టారో రీడింగ్ నా ప్రశ్నకి జవాబేనా?

ప్రశ్న: మేం విడిపోయి ఏడు నెలలైంది. పోయిన వారం ఒక టారో రీడర్‌ని "వచ్చే మూడు నెలల్లో అతను నాతో మళ్ళీ మాట్లాడి, కలిసి ఉందామని అడుగుతాడా?" అని అడిగాను. ఐదు కార్డులు తీశారు. నేను: ఫోర్ ఆఫ్ కప్స్. అతని మనసు: సిక్స్ ఆఫ్ కప్స్. అడ్డంకి: ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్. సలహా: స్ట్రెంత్. జరగబోయేది: ఎయిట్ ఆఫ్ కప్స్. చివరి కార్డు బొమ్మ చూసి నేను కంగారు పడ్డాను. "అతను ఇప్పుడున్న జీవితం వదిలి బయల్దేరుతున్నాడు" అని చెప్పి, నా మొహం చూసి ఇంకో కార్డు తీశారు. నైట్ ఆఫ్ కప్స్ వచ్చింది. మొత్తానికి "అతను మిమ్మల్ని మర్చిపోలేదు, భయంతో ఆగిపోయాడు, సమయం వచ్చినప్పుడు కదులుతాడు, ఈలోపు మీ మీద మీరు దృష్టి పెట్టండి" అన్నారు. వింటున్నప్పుడు హాయిగా అనిపించింది, ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. రికార్డింగ్ నాలుగుసార్లు విన్నా నా ప్రశ్నకి జవాబు వచ్చిందో లేదో తేలడం లేదు. ఇది ఎలా చూసుకోవాలి?

సమాధానం:

రాలేదండీ. మీ ప్రశ్నకి కాదు, పక్కింటి ప్రశ్నకి జవాబు వచ్చింది.

ఎందుకలా అంటున్నానో చెప్పేముందు ఒక తేడా చూడండి. రీడింగ్ నిజమవుతుందా అన్నది ఒక సంగతి, రీడింగ్ అడిగినదానికి జవాబు చెప్పిందా అన్నది ఇంకో సంగతి. మొదటిది ఈ రోజు ఎవరూ తేల్చలేరు. కార్డులు రేపు జరిగేది చెబుతాయనడానికి రుజువేమీ లేదు, ఏళ్ళ తరబడి కార్డులు చదువుతున్న నేనే ఈ మాట అంటున్నాను. రెండోది మాత్రం ఆ రికార్డింగ్, ఒక కాగితం దగ్గర పెట్టుకుని అరగంటలో తేల్చుకోవచ్చు. "మూడు నెలల్లో అడగడు" అని రీడర్ చెప్పి, అతను ఐదో వారంలో ఫోన్ చేసి అడిగాడనుకోండి. అది తప్పు జవాబు, కానీ జవాబే. "సమయం వచ్చినప్పుడు కదులుతాడు" అన్న మాట అసలు తప్పు కావడానికి దారే లేదు. ఏ రోజూ తప్పు కాలేని మాట మీ ప్రశ్నకి జవాబు కాలేదు.

కాగితం మీద ముందు మీ ప్రశ్న రాయండి. అందులో మూడు ముక్కలున్నాయి. ఎవరు చేయాలి: అతను. ఏం చేయాలి: మాట్లాడి, కలిసి ఉందామని అడగాలి. ఎప్పటిలోగా: మూడు నెలల్లో. నిజానికి ఇది బాగా అడిగిన ప్రశ్న. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది "మా ఇద్దరి మధ్య ఎనర్జీ ఎలా ఉంది" అంటారు, దానికి ఏం చెప్పినా సరిపోతుంది. మీ ప్రశ్నలో చిన్న లోపం ఒకటే. మాట్లాడటం, కలిసి ఉందామనడం రెండు వేర్వేరు పనులు. రేపు అతను పుట్టినరోజు శుభాకాంక్షలు పంపి ఊరుకుంటే అది సగం అవునా, పూర్తి కాదా అన్న గొడవ వస్తుంది. ఆ సంగతి రీడరే కార్డులు కలపకముందు మిమ్మల్ని అడిగి తేల్చుకోవాల్సింది.

ఇప్పుడు రీడర్ మొత్తానికి చెప్పిన ఆ నాలుగు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతిదాని పక్కన అది దేని గురించిన మాటో రాయండి: మనసు గురించా, కారణం గురించా, మీరు చేయాల్సిన పని గురించా, అతను చేయబోయే పని గురించా. మీరు అడిగింది ఆఖరుది మాత్రమే.

"మర్చిపోలేదు" అన్నది మనసు గురించిన మాట. ఇది సిక్స్ ఆఫ్ కప్స్ నుంచి వచ్చింది. పాత తోటలో ఇద్దరు పిల్లలు, పూలతో నిండిన కప్పులు. 1909లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్‌లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మ అది. దాన్ని గతం, జ్ఞాపకాలు అని చదవడం మామూలే, మీ రీడర్ ఇక్కడ తప్పు చేయలేదు. కాకపోతే గుర్తుండటం వేరు, తిరిగి రావడం వేరు. పదేళ్ళ కిందటి మనుషులు నాకూ గుర్తున్నారు, వాళ్ళకి ఫోన్ చేసే ఉద్దేశం మాత్రం లేదు. పైగా ఆ కార్డు పడిన స్థానం పేరే "అతని మనసు". అక్కడ ఏ కార్డు పడినా మనసు గురించే చెబుతుంది, మూడు నెలల్లో ఏం చేస్తాడో చెప్పదు.

"భయంతో ఆగిపోయాడు" అన్నది కారణం. నాలుగింట్లో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లో కళ్ళకు గంతలతో, కట్లతో నిలబడ్డ స్త్రీ, చుట్టూ కత్తులు. భయం, చిక్కుకుపోవడం అని చదివారు, సరే. కానీ ఆ స్థానానికి "అడ్డంకి" అని పేరు పెట్టినప్పుడే ఒక జవాబు చేరిపోయింది గమనించారా? అడ్డంకి ఉందంటే అతనికి రావాలని ఉంది, ఏదో ఆపుతోంది అని ముందే ఒప్పుకున్నట్టు. డెక్‌లో ఉన్న 78 కార్డుల్లో ఏది అక్కడ పడినా అతన్ని ఆపుతున్న వస్తువే అవుతుంది. టెన్ ఆఫ్ పెంటకిల్స్ పడితే ఇంట్లోవాళ్ళు ఆపుతున్నారు. చారియట్ పడితే కెరీర్ తొందర. డెవిల్ పడితే ఇంకో ఆకర్షణ. "అతనికి రావాలని లేదు" అని చెప్పగలిగే కార్డు ఆ స్థానంలో ఒక్కటీ లేదు. మీ రీడింగ్‌లో సగం ఊరట కార్డుల్లోంచి రాలేదు, స్థానాల పేర్లలోంచి వచ్చింది.

మాజీల గురించి అడిగే స్ప్రెడ్‌లలో, అంటే స్థానాలకి పేర్లు పెట్టి కార్డులు పరిచే పద్ధతుల్లో, ఇది చాలా మామూలు. "ఎందుకు దూరంగా ఉన్నాడు", "ఏం దాస్తున్నాడు", "ఎప్పుడు చెబుతాడు" అని స్థానాలుంటాయి. మూడూ అతను ఏదో దాస్తున్నాడని, ఒకరోజు చెబుతాడని అనుకునే మొదలవుతాయి. కార్డులు చూడకముందే స్థానాల పేర్లు చదివి "ఇందులో కాదు అన్న జవాబు ఎక్కడ పడుతుంది?" అని అడిగి చూడండి. పడే చోటు లేకపోతే ఆ స్ప్రెడ్ మీ ప్రశ్న కోసం వేసింది కాదు.

"సమయం వచ్చినప్పుడు కదులుతాడు" మాత్రం పని గురించిన మాటలా కనిపిస్తుంది. మీ మూడు నెలలు ఎక్కడికి పోయాయి? "సమయం వచ్చినప్పుడు" అనే మాట వాటిని మింగేసింది. కదలడమంటే ఏమిటి? మెసేజ్ పెట్టడమా, ఊరు మారడమా, ఇంకొకరితో ముందుకెళ్ళడమా? మూడు ముక్కల్లో రెండు జారిపోయాయి, "అతను" ఒక్కటే మిగిలింది. నాలుగోది సలహా. స్ట్రెంత్ సలహా స్థానంలో పడింది, సింహం నోరు మెల్లగా మూస్తున్న స్త్రీ, మీ మీద మీరు దృష్టి పెట్టమన్నారు. మంచి సలహానే, మీరు అడగలేదు.

ఇక మిగిలింది అయిదో స్థానం, "జరగబోయేది". మీ స్ప్రెడ్ మొత్తంలో మీ ప్రశ్నకి జవాబు చెప్పగల చోటు అదొక్కటే. అక్కడ ఎయిట్ ఆఫ్ కప్స్ పడింది. పేర్చి ఉన్న ఎనిమిది కప్పుల్ని వదిలి, మనకి వీపు చూపిస్తూ, చేతికర్రతో చంద్రుడి కింద కొండల వైపు నడిచిపోతున్న మనిషి. మీరు కంగారు పడటంలో వింత లేదు.

ఈ కార్డుని మూడు రకాలుగా చదవచ్చు. అతను ఈ బంధాన్ని వదిలి వెళ్ళిపోతున్నాడు. లేదా మీరే వదిలి ముందుకెళ్తారు. లేదా, మీ రీడర్ అన్నట్టు, అతను ఇప్పుడున్న జీవితాన్ని వదిలి మీవైపు వస్తున్నాడు. మూడోది అసాధ్యమని అనను, కానీ బొమ్మలో దానికి ఆధారం తక్కువ. కప్స్ సూట్, అంటే కప్పుల గుర్తున్న కార్డుల వర్గం, మొత్తం ప్రేమ, అనుబంధాలది, వెనక వదిలినవి ఆ కప్పులే. ఆ మనిషి నడిచే దిక్కున ఎవరూ ఎదురుచూడటం లేదు. ప్రశ్న ప్రేమ గురించి అయినప్పుడు, "వస్తాడా" అని అడిగినప్పుడు, నేనైతే దీన్ని "రాడు" అనే చదువుతాను.

అయినా ఏ అర్థం సరైందన్నది ఇక్కడ పెద్ద సంగతి కాదు. ఆ అర్థం ఎప్పుడు కుదిరింది, మీ మొహం చూడకముందా, చూశాకా? దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ కార్డు తీసేసి, అదే చోట వేరే కార్డు ఊహించుకోండి. టూ ఆఫ్ కప్స్ పడి ఉంటే ఏమనేవారు? "ఇద్దరూ కలుస్తారు" అనేవారు. టెన్ ఆఫ్ స్వోర్డ్స్, ఒంట్లో పది కత్తులు దిగి పడి ఉన్న మనిషి, అది పడి ఉంటే? "పాత బాధ ముగిసింది, ఇక కొత్త మొదలు" అనేవారేమో. టవర్? "అతని గోడలు కూలిపోతాయి." అన్ని దారులూ "వస్తాడు" దగ్గరికే చేరుతుంటే కార్డు తీసినా తీయకపోయినా ఒకటే. రికార్డింగ్‌లో ఆ ముప్పై సెకన్లు మళ్ళీ వినండి. కార్డు తిప్పాక ఆమె మొదటి మాట ఏమిటి, మీరు "అయ్యో" అన్నాక వచ్చిన మాట ఏమిటి అని.

తర్వాత ఆరో కార్డు. దీన్ని మేం క్లారిఫయర్ అంటాం. అర్థం కాని కార్డుని వివరించడానికి తీసేది, నచ్చని కార్డుని మార్చడానికి కాదు. నైట్ ఆఫ్ కప్స్ నిజంగానే రాకని చెప్పే కార్డు. కప్పు చేత్తో పట్టుకుని నెమ్మదిగా గుర్రం మీద వస్తున్న యువకుడు. ఆ డెక్‌ని రూపొందించిన వెయిట్ కూడా దానికి రాక, ఎవరో దగ్గరికి రావడం, ప్రతిపాదన అన్న అర్థాలే ఇచ్చాడు. అదే అయిదో స్థానంలో పడి ఉంటే నేనే "అవును, అడుగుతాడు" అని చెప్పేవాణ్ణి. కానీ అది అక్కడ పడలేదు, అక్కడ పడింది మీకు నచ్చకపోతే తీసింది. ఆరోది కూడా బాగా లేకపోతే, ఉదాహరణకి ఒలికిపోయిన కప్పుల ముందు తలవంచుకున్న ఫైవ్ ఆఫ్ కప్స్ వచ్చి ఉంటే, అక్కడ ఆగేవారా, ఏడోది తీసేవారా? మంచిది వచ్చేదాకా తీస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు మంచిది వస్తుంది, 78లో అలాంటివి బోలెడున్నాయి.

క్లారిఫయర్ తీయడం తప్పని కాదు, నేనూ తీస్తాను. కాకపోతే తీసేముందు దాని ప్రశ్న పైకి చెప్పాలి. మీ రీడింగ్‌లో న్యాయంగా అడగాల్సిన ప్రశ్న "ఎయిట్ ఆఫ్ కప్స్‌లో వెళ్ళిపోతున్నది ఎవరు?" అన్నది. అలా అడిగి తీస్తే నైట్ ఆఫ్ కప్స్ ఏం చెబుతుందో చూడండి: ఒక యువకుడు. అంటే అతనే. అదే కార్డు, ప్రశ్న ముందే చెప్పి ఉంటే మీకు నచ్చని వైపే బలం ఇచ్చేది. ప్రశ్న చెప్పకుండా తీశారు కాబట్టి నచ్చిన వైపు వాడుకోగలిగారు.

ఇప్పుడు కాగితం కింద ఇంకొక పని చేయండి. ఆ నాలుగు మాటల్ని మాత్రమే చూసి, అవి ఏ ప్రశ్నకి సరిగ్గా సరిపోతాయో ఆ ప్రశ్న మీరే రాయండి. నాకు తోచింది ఇది: "అతనికి నేను గుర్తున్నానా? గుర్తుంటే ఎందుకు దూరంగా ఉన్నాడు? నేనేం చేయాలి?" దీని పక్కన మీ అసలు ప్రశ్న పెట్టి చదవండి. మీకు ఇంటికొచ్చాక వచ్చిన టెన్షన్ ఆ రెండు ప్రశ్నల మధ్య దూరమే అని నా అనుమానం.

మరి అక్కడ కూర్చున్నప్పుడు హాయిగా ఎందుకు అనిపించిందంటే, అవి చాలామందికి సరిపోయే మాటలు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు తన తరగతిలో 39 మందికి, ఎవరికి వారికే రాసినట్టు చెప్పి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. అది తమకి ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. విడిపోయిన ఏ జంటలోనైనా ఎదుటివాళ్ళకి కొంత గుర్తుంటుంది, కొంత భయం ఉంటుంది. మీ నాలుగు మాటల్నీ పేర్లు తీసేసి, బంధం తెగిన ఇంకో స్నేహితురాలికి చదివి వినిపించండి. ఆమె కూడా "అచ్చం నాకే చెప్పినట్టుంది" అంటే అందులో మీ ప్రశ్న గురించి ప్రత్యేకంగా ఏమీ లేదని అర్థం.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ చాలాకాలం. మొదట్లో ఒకామె "తను తిరిగి వస్తాడా" అని అడిగితే నలభై నిమిషాలు అతని మనసు గురించి చెప్పాను. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి "అయితే వస్తాడనేగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అంతసేపూ అతని మనసులో తిరిగొచ్చాను, ఆమె ప్రశ్నని ముట్టుకోలేదు. కావాలని మోసం చేయలేదు. మనసు గురించి చెప్పడం సులువు, ఎవరూ సరిచూడలేరు, వినేవాళ్ళకీ నచ్చుతుంది. మీ రీడర్ కూడా అలాగే జారి ఉండొచ్చు. ఆమె మోసగత్తె అని ఇందులోంచి తేల్చేయకండి.

ఇంకో చోట కూడా ఇలాగే జారతారు, మీకు ముందుముందు పనికొస్తుందని చెబుతున్నాను. పది కార్డుల సెల్టిక్ క్రాస్ వేస్తే తొమ్మిదో స్థానం అడిగినవాళ్ళ ఆశలు, భయాలు. పదోది ఫలితం. తొమ్మిదిలో టూ ఆఫ్ కప్స్ పడితే "చూశారా, కలుస్తారు" అనేవాళ్ళున్నారు. ఆ చోట అది మీ ఆశ మాత్రమే. మీకు ఆశ ఉందని చెప్పడానికి కార్డు అక్కర్లేదు కదా.

గడువు సంగతి కూడా రీడర్‌ని బట్టి మారుతుంది. ఒక్కో సూట్‌కి రోజులు, వారాలు, నెలలు అని ఎవరి లెక్క వాళ్ళది. అందుకే ఆ లెక్క కార్డు తిప్పకముందే చెప్పాలి, తిప్పాక చెబితే అది లెక్క కాదు.

రీడర్ వైపు న్యాయం కూడా చూడాలి. కొంతమంది "వస్తాడా రాడా అన్న ప్రశ్నలు నేను చదవను, మీ దారి ఏమిటో చూస్తాను" అని మొదటే చెబుతారు. మీరు సరేనంటే ప్రశ్న మీ ఒప్పుకోలుతోనే మారింది, తర్వాత జవాబు రాలేదనడం బాగుండదు. రికార్డింగ్ మొదటి అయిదు నిమిషాలు ఇందుకోసమే ఒకసారి వినండి. అలాగే "కార్డులు చూశాను, నాకు తేలలేదు" అనేదీ నిజాయితీ ఉన్న మాటే. మీ రికార్డింగ్‌లో ఈ రెండూ లేకపోతే, మీ ప్రశ్న మీకు చెప్పకుండానే మారిపోయింది.

అవే ఆరు కార్డులతో జవాబు చెబితే ఎలా ఉంటుందో రాస్తాను, పోల్చి చూసుకోండి. "అతనికి మీరు గుర్తున్నారు, భయం కూడా ఉన్నట్టుంది. కానీ మీరు అడిగింది అతను మూడు నెలల్లో కలిసి ఉందామని అడుగుతాడా అని. దానికి నేను చూసేది అయిదో కార్డే. అక్కడ వదిలి వెళ్ళడం వచ్చింది. అందుకని నా రీడింగ్ అడగడు అని. ఆ తర్వాత తీసిన నైట్ ఆఫ్ కప్స్‌ని నేను లెక్కలోకి తీసుకోను, ప్రశ్న పెట్టకుండా తీశాను." నాలుగైదు వాక్యాలే. వినడానికి బాధగా ఉంటుంది. తప్పు కూడా కావచ్చు, మూడు నెలల తర్వాత అది తప్పో ఒప్పో మీకే తెలుస్తుంది.

కావాలంటే రీడర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, గొడవ పడే ధోరణి వద్దు: "నా ప్రశ్న మూడు నెలల్లో అతను కలిసి ఉందామని అడుగుతాడా అని. మీ రీడింగ్ ప్రకారం అవునా, కాదా, తేలలేదా? ఏ కార్డుని బట్టి?" మంచి రీడర్ అయితే ఒక్క మాటలో చెప్పి, కార్డు పేరు రాస్తుంది. మళ్ళీ అతని మనసు గురించి పేరా రాస్తే, ఆ రీడింగ్‌లో మీ ప్రశ్నకి జవాబు లేదనే అనుకోండి. "ఎనర్జీ బ్లాక్ ఉంది, అది తీయడానికి ఇంకో సెషన్ కావాలి" అని వస్తే అక్కడితో డబ్బు ఇవ్వడం ఆపేయండి, అది రీడింగ్ కాదు.

అదే ప్రశ్న పట్టుకుని వచ్చే వారం ఇంకో రీడర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అప్పుడు క్లారిఫయర్లు తీస్తున్నది మీరే అవుతారు.